214(బి) చీటీ చేతిలో పెట్టి పంపేశారు. జనవరి ఇన్‌టేక్‌కి మళ్లీ వెళ్లాలంటే ఏం మార్చాలి?

పలాస_కుర్రాడు | అక్టోబరు 3, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మాది పలాస. నాన్నకి చిన్న జీడి ఫ్యాక్టరీ ఉంది. అమ్మ ప్రభుత్వ స్కూల్లో టీచర్. నేను బీటెక్ మెకానికల్ చేసి, 14 నెలలు పైడిభీమవరంలో ఒక మందుల కంపెనీలో మెయింటెనెన్స్‌లో పనిచేశాను. అమెరికాలో ఎంఎస్ డేటా అనలిటిక్స్‌కి అడ్మిషన్ వచ్చింది. జూలైలో హైదరాబాద్ కాన్సులేట్‌లో ఎఫ్-1 ఇంటర్వ్యూకి వెళ్తే రెండు నిమిషాల్లో రిజెక్ట్ చేశారు. అడిగినవి ఇవే:

ఈ యూనివర్సిటీయే ఎందుకు? (ప్రపంచస్థాయి ప్రొఫెసర్లు, మంచి పరిశోధన అవకాశాలు అని చెప్పాను.)
మెకానికల్ చదివి ఇదెందుకు? (డిమాండ్ ఉన్న రంగం అన్నాను.)
డబ్బు ఎవరు పెడుతున్నారు? నాన్న. ఆయన ఏడాది ఆదాయం? 6 లక్షలు.
తోబుట్టువులు? ఒక అక్క. ఎక్కడ ఉంటుంది? డల్లాస్‌లో, ఉద్యోగం.

అంతే. కాసేపు ఏదో టైప్ చేసి చీటీ ఇచ్చారు. ఫైల్లో ఇన్ని కాగితాలు పట్టుకెళ్లాను, ఒక్కటీ అడగలేదు. కన్సల్టెన్సీ వాళ్లు "నీ టైమ్ బాలేదు, ఆగస్టులో ఇంకోసారి కొడదాం" అన్నారు. నేను వద్దనుకుని అడ్మిషన్ జనవరికి మార్పించుకున్నాను. ఇప్పుడు ఏం మార్చాలో తెలియడం లేదు. ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది.

రాజాం_రాజు | అక్టోబరు 3, రాత్రి 10:15

తమ్ముడూ, 214(బి) అంటే నువ్వు తిరిగి రావని వాళ్ల అనుమానం. ఇక్కడ ఆస్తి చూపించలేదు కాబట్టి ఇవ్వలేదు. పొలం, ఇల్లు, ఫ్యాక్టరీ అన్నిటికీ వాల్యుయేషన్ రిపోర్ట్ చేయించు. సీఏ సర్టిఫికెట్ 2 కోట్లకి తగ్గకుండా ఉండాలి. బ్యాంకులో 40 లక్షలు కనబడాలి. లేకపోతే పెట్టేవాళ్లు ఉన్నారు, నెలకి వడ్డీ తీసుకుంటారు. ఇంకోటి, హైదరాబాద్ వద్దు. చెన్నైలో స్లాట్ తీసుకో. మనవాళ్లు ఎక్కువైపోయి హైదరాబాద్‌లో కొట్టేస్తున్నారు.

శ్రీకాకుళం_చిన్ని | అక్టోబరు 3, రాత్రి 11:02

నాక్కూడా సరిగ్గా ఇదే జరిగింది. కాకపోతే నాది కెనడా. చదువు అయ్యాక వెళ్లిపోతానన్న నమ్మకం కలగలేదని రాశారు. అక్కడున్న మా బావతో 5 డాలర్లు కట్టించి ఆఫీసర్ రాసుకున్న నోట్స్ తెప్పించుకున్నాను. ఫీజు కట్టిన డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో తెలియలేదని అందులో ఉంది. దానికి జవాబు రాసి మళ్లీ పెడితే వచ్చింది. నువ్వూ ముందు నోట్స్ తెప్పించుకో, తర్వాతే అప్లై చెయ్యి.

నరసన్నపేట_మాస్టారు | అక్టోబరు 4, ఉదయం 6:20

బాబూ, మా అబ్బాయికీ చీటీ ఇచ్చారు. పాస్‌పోర్టు వాళ్లే ఉంచుకున్నారు, ఏవో కాగితాలు ఈ-మెయిల్ చేయమన్నారు. ఆరు వారాలైంది. మేం కూడా మళ్లీ ఫీజు కట్టి కొత్తగా పెట్టాలా? మీ చీటీ ఏ రంగు?

కోట_జంక్షన్ | అక్టోబరు 4, ఉదయం 8:55

మాది విజయనగరం. అమెరికాలో ఒక యూనివర్సిటీ ఇంటర్నేషనల్ ఆఫీసులో 8 ఏళ్లు పనిచేసి వచ్చేశాను. ఐ-20లు ఇచ్చే కుర్చీలో కూర్చున్నాను. వీసా ఇచ్చే కుర్చీలో కాదు, కాబట్టి ఆఫీసర్ మనసులో ఏముందో చెప్పలేను.

మాస్టారూ, రంగు చూడకండి, మీ చీటీ మీద సెక్షన్ నంబరు చదవండి. మీరు చెప్పినదాన్నిబట్టి అది 221(జి) అయ్యుండాలి. అంటే మీ కేసు ఇంకా నడుస్తోంది. వాళ్లు అడిగిన కాగితాలు పంపి ఆగాలి. ఇప్పుడు కొత్త ఫీజు దండగ. పలాస బాబుది అలా కాదు. 214(బి) వస్తే ఆ దరఖాస్తు అక్కడితో ముగిసిపోయినట్టే. అప్పీలు లేదు, మళ్లీ మొదటి నుంచి పెట్టుకోవడమే. ఇన్నాళ్లు ఆగాలన్న రూలూ లేదు. కానీ అదే ఫారం, అవే జవాబులతో వెళ్తే రెండో ఆఫీసర్‌కి మొదటి ఆఫీసర్‌ని కాదనడానికి కారణం దొరకదు.

చిన్నీ, కెనడా పద్ధతి ఇక్కడ కుదరదు. అమెరికా వీసా రికార్డులు వాళ్ల చట్టం ప్రకారం రహస్యం. ఆ నోట్స్ మనకివ్వరు.

రాజుగారూ, తిరిగొస్తాడా అన్నది వాళ్లు చూసేదే, అంతవరకు మీరన్నది నిజం. కానీ 22 ఏళ్ల కుర్రాడి పేరున ఆస్తులుంటాయని వాళ్లూ అనుకోరు. ఇప్పుడు ఇతని ఉద్దేశం చదువేనా, దానికి డబ్బుందా, చెప్పేది ఒకదానికొకటి అతుకుతోందా అని చూస్తారు. చెన్నైకి వెళ్లొచ్చు, తప్పు లేదు. కానీ హైదరాబాద్‌లో ఏం రాశారో చెన్నై కంప్యూటర్‌లోనూ కనిపిస్తుంది.

బాబూ, నీ డీఎస్-160 నువ్వే నింపావా?

పలాస_కుర్రాడు | అక్టోబరు 4, ఉదయం 9:30

లేదు అక్కా, కన్సల్టెన్సీ వాళ్లే నింపారు. నా దగ్గర బార్‌కోడ్ ఉన్న కన్ఫర్మేషన్ పేజీ ఒక్కటే ఉంది.

కోట_జంక్షన్ | అక్టోబరు 4, ఉదయం 9:48

ఆ పేజీ మీద ఏఏ అక్షరాలతో మొదలయ్యే అప్లికేషన్ నంబరు ఉంటుంది. `ceac.state.gov/genniv` లోకి వెళ్లి `Retrieve an Application` నొక్కి ఆ నంబరు, ఇంటిపేరు మొదటి అయిదు అక్షరాలు, పుట్టిన సంవత్సరం ఇవ్వు. సెక్యూరిటీ ప్రశ్నకి జవాబు కన్సల్టెన్సీ వాళ్లని అడగాలి, వాళ్లే పెట్టి ఉంటారు. కన్ఫర్మేషన్ పేజీ వచ్చాక `Print Application` కొడితే నువ్వు సంతకం పెట్టినట్టు లెక్కయిన ఫారం మొత్తం వస్తుంది. ప్రతి గడీ చదువు. అక్క గురించి, డబ్బు గురించి, పాత ఉద్యోగం గురించి ఏం రాశారో ఇక్కడ చెప్పు.

పలాస_కుర్రాడు | అక్టోబరు 4, సాయంత్రం 5:10

జవాబు చెప్పడానికి వాళ్లు మధ్యాహ్నం దాకా తిప్పించారు. ఇప్పుడే చదివాను. నాకు కాళ్లూ చేతులూ ఆడటం లేదు.

తల్లిదండ్రులు కాకుండా దగ్గరి బంధువులు అమెరికాలో ఉన్నారా అన్నచోట NO అని ఉంది. మా అక్క అక్కడ హెచ్-1బి మీద మూడేళ్లుగా ఉంది! ఫారం నింపడంలో ఎవరైనా సాయం చేశారా అంటే అక్కడా NO. నా 14 నెలల ఉద్యోగం అసలు లేదు. అడిగితే "అక్క ఉందని రాస్తే కొట్టేస్తారు, చిన్న కంపెనీ ఉద్యోగం రాస్తే అనవసరం ప్రశ్నలొస్తాయి, అందరికీ ఇలాగే చేస్తాం" అన్నారు.

అక్కా, అబద్ధం చెప్పానని నన్ను జీవితాంతం బ్యాన్ చేస్తారా?

బొబ్బిలి_వీణ | అక్టోబరు 4, సాయంత్రం 5:45

అయ్యో. ఆయన టైప్ చేస్తూ కూర్చున్నది అప్పుడేనన్నమాట. నువ్వు నోటితో డల్లాస్ అన్నావు, ఆయన స్క్రీన్ మీద ఎవరూ లేరని ఉంది.

కోట_జంక్షన్ | అక్టోబరు 4, రాత్రి 8:30

ముందు ఊపిరి పీల్చుకో. కావాలని అబద్ధం చెప్పి వీసా పొందాలని చూశావని వాళ్లు తేల్చితే 212(ఎ)(6)(సి) అని వేరే సెక్షన్ పెడతారు. అది పడితే నువ్వడిగినట్టు జీవితాంతం వెంటాడేదే. నీ చీటీ మీద 214(బి) తప్ప ఇంకేం లేదన్నావు. పైగా ఎదుట అడిగినప్పుడు నువ్వు నిజమే చెప్పావు. ఆ రోజు "అక్క ఇండియాలోనే ఉంది" అని ఉంటే నేనిప్పుడు వకీలు దగ్గరికి వెళ్లమని మాత్రమే చెప్పేదాన్ని.

అక్క అక్కడ ఉండటం వల్ల వీసా పోదు. ఆ మాట దాచి, తర్వాత బయటపడితే మిగతా ఫారంలో ఏది నిజమో ఆఫీసర్‌కి తెలియదు. నేను చూసినంతలో పిల్లల కొంప ముంచేది ఎక్కువగా ఇదే.

కొత్త ఫారంలో అక్క పేరు, బంధుత్వం, ఆమె స్థితి ఉన్నదున్నట్టు రాయి. గతంలో వీసా నిరాకరించారా అన్నదానికి యస్. ఎక్కడ, ఎప్పుడు, ఏ సెక్షన్, తర్వాత ఏం మారింది అన్నది రెండు వాక్యాల్లో రాయి. సాయం గురించిన ప్రశ్నకీ నిజమే. ఒక్క జాగ్రత్త: పాత ఫారం నుంచి సమాచారం లాక్కుని కొత్తది మొదలుపెట్టే సదుపాయం ఉంది. దాన్ని వాడకు. ఆ పాత NOలు మళ్లీ వచ్చి కూర్చుంటాయి. ఖాళీ ఫారం నువ్వే నింపు, రెండు మూడు గంటలు పడితే పట్టనీ.

ఇక డబ్బు. ఐ-20లో మొదటి ఏడాది లెక్క ఎంత, ఎవరి పేరున చూపించారు?

పలాస_కుర్రాడు | అక్టోబరు 4, రాత్రి 9:05

మొత్తం 41,600 డాలర్లు. ట్యూషన్ 22,400, ఉండటానికి తినడానికి 14,800, ఇన్సూరెన్స్ పుస్తకాలు వగైరా 4,400. మన డబ్బులో 36 లక్షల పైన. నాన్న ఖాతాలో 38 లక్షలు చూపించాం. నిజం చెప్పాలంటే అందులో 30 లక్షలు రెండు వారాల ముందు కన్సల్టెన్సీ వాళ్లు వేయించినవే. తర్వాత తీసేసుకున్నారు.

కోట_జంక్షన్ | అక్టోబరు 4, రాత్రి 9:40

చూడు, 6 లక్షల ఆదాయం అన్న నోటితోనే ఏడాదికి 36 లక్షల ఖర్చు నాన్న పెడతాడన్నావు. బ్యాంకు కాగితం చూడకుండానే ఆ ఆఫీసర్ లెక్క వేసుకుంటాడు. ఆరేళ్ల సంపాదన ఒక్క ఏడాదిలో. వేరేవాళ్ల డబ్బు మనదని చెప్పడం ఎలాగూ తప్పే, దానివల్ల ఈ లెక్క కూడా కుదరలేదు.

అమ్మ జీతం గురించి ఎవరూ ఎందుకు మాట్లాడటం లేదు? ఫారం 16 ఉన్న ప్రభుత్వ ఉద్యోగి ఇంట్లో ఉండగా, సీజన్‌నిబట్టి మారే జీడి వ్యాపారం ఒక్కటే చూపించారు!

పలాస_కుర్రాడు | అక్టోబరు 4, రాత్రి 9:52

అమ్మది నెలకి 84 వేలు. స్పాన్సర్ అంటే నాన్నే ఉండాలి అన్నారు.

రాజాం_రాజు | అక్టోబరు 4, రాత్రి 10:10

అమ్మ జీతం కలిపినా ఏడాదికి 16 లక్షలే. సరిపోదు కదా. అందుకే బ్యాలెన్స్ పెట్టమన్నాను. అందరూ పెడుతున్నారు, వీసాలు వస్తున్నాయి. అందరూ రాజా హరిశ్చంద్రులు కాదండీ.

కోట_జంక్షన్ | అక్టోబరు 4, రాత్రి 10:31

వస్తున్న మాట నిజమే రాజుగారూ. పట్టుబడినవాళ్లు మాత్రం ఫోరమ్‌లలో రాయరు. జీతం సరిపోదన్నదీ నిజమే. అందుకే ఎడ్యుకేషన్ లోన్. మొదటి ఏడాది డబ్బు చేతికందేలా ఉండాలి, మిగతాదానికి నమ్మదగిన దారి ఉండాలి. బాబూ, కోర్సు మొత్తానికి ఎంతవుతుంది, తాకట్టుకి ఏమైనా ఉందా?

పలాస_కుర్రాడు | అక్టోబరు 5, ఉదయం 7:15

మొత్తం 55 లక్షల దాకా. ఇంట్లో అసలైన పొదుపు 11 లక్షలు ఉంది. పలాసలో తాతగారి స్థలం ఉంది. శ్రీకాకుళంలో అమ్మ పేరున ఒక సైట్ ఉంది.

నరసన్నపేట_మాస్టారు | అక్టోబరు 5, ఉదయం 7:40

తాతగారి స్థలం జోలికి పోకండి. చిన్నాన్నలు, మేనత్తలు అందరి సంతకాలు అడుగుతారు, బ్యాంకు లాయరు నెలల తరబడి తిప్పుతాడు. నా అనుభవం. అమ్మగారి సైట్‌కి ఈసీ, లింక్ డాక్యుమెంట్లు తీసుకుని రేపే వెళ్లండి. (మా చీటీ చూశాను, 221(జి)యే. మెయిల్ స్పామ్‌లో పడి ఉంది. అమ్మాయీ, నీకు పుణ్యముంటుంది.)

బొబ్బిలి_వీణ | అక్టోబరు 5, మధ్యాహ్నం 1:20

ఒక మాట చెప్తాను, నిరుత్సాహపరచడానికి కాదు. నాది కూడా 214(బి). లోన్ నిజమైనది, ఫారం నేనే నింపాను, ఏదీ దాచలేదు. మొదటిసారి మూడేళ్ల గ్యాప్ గురించి అడిగారు, రెండోసారి అసలు గ్యాప్ మాటే ఎత్తలేదు. అయినా రెండుసార్లూ ఇవ్వలేదు. ప్రతిసారీ 185 డాలర్లు. అన్నీ సరిచేసుకుంటే వస్తుందని ఎవరూ హామీ ఇవ్వలేరు.

కోట_జంక్షన్ | అక్టోబరు 5, మధ్యాహ్నం 2:05

వీణా, నీకు ఎందుకు ఇవ్వలేదో నాకు తెలియదు. తెలిసినట్టు నటించను. గ్యాప్‌లో నిజంగా ఏం చేశావో వేరే థ్రెడ్‌లో రాయి, చూద్దాం.

బాబూ, ఇక చివరిది. నువ్వు మందుల కంపెనీలో చేసిన పనికీ, ఈ కోర్సుకీ సంబంధం ఉందా లేదా? నిజంగా చెప్పు, వాళ్లు రాసిచ్చిన జవాబు కాదు.

పలాస_కుర్రాడు | అక్టోబరు 5, మధ్యాహ్నం 3:30

ఉంది అక్కా. అక్కడ పంపులు, మోటార్ల వైబ్రేషన్ రీడింగులు రోజూ తీసి ఎక్సెల్‌లో ఎక్కించేవాణ్ని. ఒక పంపు మూడుసార్లు బేరింగ్ పోయి ఆగిపోయింది. పాత రీడింగులు వెనక్కి తీసి చూస్తే, ఆగిపోవడానికి పది రోజుల ముందు నుంచే అంకెలు పెరుగుతున్నాయి. ఎవరూ చూడలేదంతే. దాన్ని ముందే పట్టుకునే పని నేర్చుకోవాలని ఈ కోర్సు వెతికాను. అందులో ఫ్యాక్టరీ డేటా మీద ఒక సబ్జెక్టు ఉంది. ఇలాంటివి చెబితే బోర్ కొడుతుంది, పొట్టిగా డిమాండ్ అని చెప్పు అన్నారు.

శ్రీకాకుళం_చిన్ని | అక్టోబరు 5, మధ్యాహ్నం 3:41

ఇది చెప్పి ఉంటే నేనే వీసా ఇచ్చేదాన్ని.

కోట_జంక్షన్ | అక్టోబరు 5, సాయంత్రం 4:15

ఆ పంపు మాట మూడు వాక్యాల్లో చెప్పు, చాలు. బట్టీ పట్టకు.

లోన్ శాంక్షన్ రాగానే ఆ లెటర్, అమ్మ జీతం కాగితాలు యూనివర్సిటీకి పంపి, డబ్బు వివరాలు మార్చిన కొత్త ఐ-20 అడుగు. పాతదాంట్లో ఆ 38 లక్షల కథే ఉంది, దాన్ని పట్టుకుని వెళ్లకూడదు. జనవరికి మార్చినప్పుడు ఎన్ అక్షరంతో మొదలయ్యే సెవిస్ నంబరు అదే ఉంచారా? అదే ఉంటే 350 డాలర్ల సెవిస్ ఫీజు మళ్లీ కట్టక్కర్లేదు, రిజెక్ట్ అయిన 12 నెలల్లోపు వెళ్తున్నావు కాబట్టి. నంబరు మారి ఉంటే `fmjfee.com` లో పాత ఫీజును కొత్త నంబరుకి బదిలీ చేయమని అడగొచ్చు. వీసా ఫీజు 185 మాత్రం మళ్లీ కట్టాల్సిందే. 2025 జూన్ నుంచి సోషల్ మీడియా ఖాతాలు పబ్లిక్‌లో పెట్టమంటున్నారు, అయిదేళ్లలో వాడిన ఖాతాల పేర్లన్నీ ఫారంలో రాయాలి. మర్చిపోయిన పాతవి కూడా.

పలాస_కుర్రాడు | నవంబరు 14, రాత్రి 8:20

ఆలస్యానికి క్షమించండి. నంబరు అదే ఉంచారు. సైట్ మీద 45 లక్షలు శాంక్షన్ అయింది, అమ్మ కో-అప్లికెంట్. అయిదు వారాలు పట్టింది. లింక్ డాక్యుమెంట్‌లో సర్వే నంబరు ఒక అంకె తప్పు పడితే దిద్దించడానికే పది రోజులు పోయింది. కొత్త ఐ-20 నాలుగు రోజుల్లో పంపారు. ఫారం నేనే నింపాను, అక్క ఫోన్‌లో ఉండి తన వివరాలు చెప్పింది. స్లాట్ డిసెంబరు 4, హైదరాబాద్‌లోనే.

రాజాం_రాజు | నవంబరు 14, రాత్రి 8:44

ఇప్పటికీ చెన్నై అయితే బాగుండేదని నా అభిప్రాయం. ఆల్ ది బెస్ట్ తమ్ముడూ.

పలాస_కుర్రాడు | డిసెంబరు 4, మధ్యాహ్నం 12:50

నానక్‌రామ్‌గూడ బయట నుంచి రాస్తున్నాను. ఈసారి ఒక మేడమ్. మొదటి ప్రశ్నే, "పోయినసారికీ ఇప్పటికీ ఏం మారింది?"

పోయినసారి ఫారం ఏజెంట్ నింపారు, అక్క ఉన్న విషయం, నా ఉద్యోగం తప్పుగా వెళ్లాయి, నేను చదవకుండా వదిలేయడం నా తప్పు, ఈసారి నేనే నింపాను అన్నాను. అక్క ఏ వీసా మీద ఉంది, ఎన్నాళ్లుగా అని అడిగారు, చెప్పాను. డబ్బు గురించి అడిగితే లోన్ 45, పొదుపు 11, అమ్మ టీచర్ అన్నాను. ఉద్యోగంలో ఏం చేశావని అడిగారు. పంపు కథ రెండో వాక్యంలో ఉండగానే ఆపి, కోర్సు అయ్యాక ఏంటన్నారు. పైడిభీమవరం, పరవాడ వైపు మందుల ఫ్యాక్టరీల్లో ఇదే పని, నా పాత మేనేజర్‌తో టచ్‌లో ఉన్నాను అన్నాను. చాలాసేపు టైప్ చేశారు. పాస్‌పోర్టు తీసుకుని వీసా అప్రూవ్ అయిందన్నారు. లోన్ లెటర్ చూపించబోతే అక్కర్లేదన్నారు.

అమ్మకి ఫోన్ చేస్తే స్కూల్లో క్లాసులో ఉంది, ఎత్తలేదు.

బొబ్బిలి_వీణ | డిసెంబరు 4, మధ్యాహ్నం 1:15

చాలా సంతోషం. ఒక్కటి చెప్పు, "నా తప్పు" అని నువ్వే అన్నావా, ఆవిడ గుచ్చి అడిగాక అన్నావా?

పలాస_కుర్రాడు | డిసెంబరు 4, మధ్యాహ్నం 1:22

నేనే అన్నాను అక్కా. అనాలని అనుకుని వెళ్లలేదు, నోట్లోంచి వచ్చేసింది.

రాజాం_రాజు | డిసెంబరు 4, మధ్యాహ్నం 2:00

కంగ్రాట్స్! చూశారా, కాగితాలు చూడనే లేదు. అంటే లోన్ లేకపోయినా వచ్చేదేమో?

కోట_జంక్షన్ | డిసెంబరు 4, మధ్యాహ్నం 2:30

లోన్ లేకపోతే 45 అన్న అంకె అంత తడబడకుండా నోట్లోంచి వచ్చేదా రాజుగారూ? వచ్చేదేమో, నాకూ తెలియదు.

బాబూ, పాస్‌పోర్టు వచ్చాక వీసా మీద పేరు, పుట్టిన తేదీ, సెవిస్ నంబరు ఐ-20తో సరిచూసుకో. తేడా ఉంటే అప్పుడే చెప్పి దిద్దించుకోవాలి. టికెట్ ఐ-20లో ఉన్న మొదలు తేదీకి 30 రోజులకన్నా ముందుది తీసుకోకు. వీణా, నీ థ్రెడ్ ఇంకా కనిపించలేదు.

బొబ్బిలి_వీణ | డిసెంబరు 4, రాత్రి 9:10

రాస్తున్నాను అక్కా. నా పాత ఫారం కూడా ప్రింట్ తీశాను. అందులో 2023లో చేసిన ఉద్యోగం నెలలు ఒకచోట ఒకలా, రెజ్యూమెలో ఇంకోలా ఉన్నాయి. అది నేనే నింపిన ఫారం.